మోటారు గంటకు ఎన్నిసార్లు స్టార్టు కావచ్చు?

తాడేపల్లిగూడెం రైసుమిల్లులో గానీ, కైకలూరు చేపల చెరువు గట్టున గానీ మోటారు కాలిపోతే సాధారణంగా మూడు కారణాలు వినిపిస్తాయి. ఓల్టేజీ తక్కువొచ్చింది, ఫేజు పోయింది, వైండింగు సరిగా వెయ్యలేదు. ఈ మూడూ నిజమే కావచ్చు. నాలుగో కారణాన్ని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. కాసేపట్లోనే మోటారును ఎక్కువసార్లు స్టార్టు చెయ్యడం అది. ఫ్లోటు స్విచ్చి పదేపదే ఆన్ ఆఫ్ అవుతున్నా, కరెంటు వచ్చిపోతుంటే ఆటో స్టార్టరు ప్రతిసారీ మోటారును లేపుతున్నా, బెల్టు జారిందని ఆపరేటరు మళ్ళీ మళ్ళీ పచ్చబటను నొక్కుతున్నా, మోటారుకు తగిలేది ఒకే దెబ్బ.

మోటారు నేమ్‌ప్లేటు మీద హెచ్.పి., ఆంపియర్లు, ఆర్.పి.ఎం. అన్నీ ఉంటాయి. గంటకు ఎన్ని స్టార్టులన్నది సాధారణంగా ఉండదు. అక్కడ ‘ఎస్1’ అని ఉంటే, ఒకసారి లేచాక ఎడతెగకుండా నడిచే పనికి ఆ మోటారును తయారుచేశారని అర్థం. పదేపదే లేపే పనికి ‘ఎస్4’ అని వేరే డ్యూటీ ఉంది. మన దగ్గర మార్కెట్లో కొనే మోటార్లు దాదాపు అన్నీ ఎస్1వే. అలాంటి మోటారు ఎన్ని స్టార్టులు తట్టుకుంటుంది, ఆ హద్దు ఎక్కడి నుంచి వస్తుంది, మన ప్రాంతంలో అది ఎక్కడ దాటిపోతోంది అన్నవి ఈ సమీక్షలో చూద్దాం.

ఒక్క స్టార్టులో పుట్టే వేడి

స్విచ్చి వేసిన క్షణంలో రోటరు కదలదు. స్టేటరులోని అయస్కాంత క్షేత్రం మాత్రం నాలుగు పోళ్ళ మోటారులో నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటుంది. ఈ రెండు వేగాల తేడానే స్లిప్పు అంటాం. పూర్తి లోడు మీద నడిచేటప్పుడు స్లిప్పు రెండు శాతం దగ్గర ఉంటుంది. స్టార్టులో నూరు శాతంతో మొదలవుతుంది. గాలి సందు దాటి రోటరుకు చేరిన శక్తిలో స్లిప్పు శాతమెంతో అంత శక్తీ రోటరు కడ్డీల్లో వేడిగా మారుతుంది. కాబట్టి ఆగి ఉన్న రోటరుకు చేరేదంతా వేడే. వేగం పెరిగేకొద్దీ వేడి వాటా తగ్గి, తిప్పే వాటా పెరుగుతుంది.

ఇందులోంచి ఒక చక్కటి సూత్రం వస్తుంది. తిరిగే భాగాలన్నిటికీ పూర్తి వేగంలో ఎంత గతిశక్తి ఉంటుందో, స్టార్టులో రోటరు కడ్డీల్లో కనీసం అంతే వేడి పుడుతుంది. ఫ్యాను చక్రం బరువు, వ్యాసం, చేరాల్సిన వేగం ఈ వేడిని నిర్ణయిస్తాయి. ఓల్టేజీకి అందులో పాత్ర లేదు. ఓల్టేజీ తగ్గితే వేడి నెమ్మదిగా పుడుతుంది, కానీ ఎక్కువసేపు పుడుతుంది, మొత్తం మారదు. చక్రాన్ని లేపడంతో పాటు గాలినో నీటినో తొయ్యాల్సి వస్తే, ఆ లోడుకు తగ్గట్టు వేడి ఇంకొంత పెరుగుతుంది.

ఈ వేడి కడ్డీ అంతటా సమంగానూ పరుచుకోదు. స్టార్టులో రోటరు కరెంటు 50 హెర్ట్జ్ మీద ఉండటంతో, లోతైన కడ్డీల్లో అది పైఅంచుకే గుమిగూడుతుంది. పైభాగం కాగి సాగుతుంది, కింది భాగం ఇంకా చల్లగా ఉంటుంది. చివరి రింగులు మరో తీరుగా సాగుతాయి. ఇలా వందలసార్లు జరిగాక కడ్డీ, రింగు కలిసే చోట పగులు మొదలవుతుంది. అంటే అతి స్టార్టుల నష్టం రెండు రకాలు. ఒకటి ఆ గంటలోనే ఉష్ణోగ్రత హద్దు దాటడం. రెండోది నెలల తరబడి పేరుకునే అలసట.

రైసుమిల్లు ఫ్యాను లెక్క

పొట్టుతో కాలే బాయిలరు ఉన్న ఉప్పుడు బియ్యం మిల్లులో పొగను లాగే ఐ.డి. ఫ్యాను ఉంటుంది. దానికి 40 హెచ్.పి., అంటే 30 కిలోవాట్ల మోటారు ఉందనుకుందాం. ఫ్యాను, పుల్లీ, రోటరు అన్నిటి జడత్వాన్ని మోటారు షాఫ్టుకు లెక్కగడితే 6 కిలోగ్రామ్-మీటర్ స్క్వేర్ అనీ, రోటరులోని అల్యూమినియం సుమారు 5 కిలోలనీ తీసుకుందాం. ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలే అయినా ఆ సైజు మోటారుకు నప్పేవే.

పూర్తి వేగంలో ఈ చక్రాల గతిశక్తి 71 కిలోజౌళ్ళు. గాలి లోడు కూడా కలిస్తే ఒక స్టార్టులో రోటరు వేడి 80 కిలోజౌళ్ళ దగ్గరికి వస్తుంది. ఫ్యాను దాదాపు నాలుగు సెకన్లలో లేస్తుంది కాబట్టి ఆ కాసేపూ రోటరులో సగటున 20 కిలోవాట్ల వేడి పుట్టినట్టు. అదే మోటారు పూర్తి లోడు మీద నిలకడగా నడిచేటప్పుడు రోటరులో పుట్టేది 0.6 కిలోవాట్లే. నాలుగు సెకన్ల స్టార్టు రోటరుకు రెండు నిమిషాలకు పైబడిన పూర్తి లోడు వేడిని ఒక్కసారిగా అందిస్తుందన్నమాట. అల్యూమినియం ఉష్ణోగ్రత ఒక్కో స్టార్టుకు 18 డిగ్రీలు పెరుగుతుంది. స్టేటరు వైండింగులోనూ మామూలుకు ఆరేడు రెట్ల కరెంటు పారుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అక్కడ 36 నుంచి 49 రెట్లు పుడుతుంది.

ఒక్క స్టార్టుకు 18 డిగ్రీలంటే భయపడాల్సిన పనేమీ లేదు. లేవలేకపోయిన స్టార్టుతోనే అసలు ప్రమాదం. బూడిద పేరుకుని ఫ్యాను బిగుసుకుందనుకుందాం. అప్పుడు స్లిప్పు నూరు శాతం దగ్గరే నిలిచిపోతుంది. ఇదే మోటారులో ఆ స్థితిలో దాదాపు 49 కిలోవాట్లు రోటరులో వేడిగా మారతాయి. సెకనుకు పదకొండు డిగ్రీల లెక్కన కడ్డీలు కాగుతాయి. పది సెకన్లు మూలుగుతూ నిలబడితే నూరు డిగ్రీలు పైనే పెరుగుతుంది. అది ట్రిప్ అయిన నిమిషానికి ఆపరేటరు మళ్ళీ నొక్కితే, ఆ వేడి మీదే మరో నూరు డిగ్రీలు. లేవని స్టార్టు ఒకటి, సరిగా లేచిన అయిదారు స్టార్టులకు సమానం. స్టార్టులు లెక్కపెట్టేవాళ్ళు ముందు గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ఓల్టేజీ 80 శాతానికి పడితే టార్కు 64 శాతానికి పడిపోతుంది. మన ఫ్యాను లేవడానికి నాలుగు సెకన్ల బదులు దాదాపు ఏడు సెకన్లు పడుతుంది. చక్రం కోసం పుట్టే వేడి మారదు గానీ, గాలి లోడు వాటా పెరిగి మొత్తం 90 కిలోజౌళ్ళు దాటుతుంది. ఫీడరు చివర ఉన్న మిల్లుకూ సబ్‌స్టేషను పక్కనున్న మిల్లుకూ ఒకే స్టార్టుల హద్దు పనికిరాదనడానికి కారణమిదే.

ప్రమాణాలు ఏమంటాయి?

అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60034-12, అమెరికా వాళ్ళ నెమా ఎంజీ 1 ఇంచుమించు ఒకే మాట చెబుతాయి. చల్లగా ఉన్న మోటారును వెంటవెంటనే రెండుసార్లు లేపవచ్చు. పనిచేసి వేడెక్కిన మోటారునైతే ఒక్కసారే. చక్రం జడత్వం ప్రమాణంలో చెప్పిన హద్దులో ఉంటేనే ఈ మాట చెల్లుతుంది.

గంట లెక్క కావాలంటే నెమా ఎంజీ 10 అనే మార్గదర్శి ఉపయోగపడుతుంది. దాని ప్రకారం నాలుగు పోళ్ళ మోటారు 10 హెచ్.పి. అయితే గంటకు గరిష్ఠంగా పన్నెండు స్టార్టులు, 50 హెచ్.పి. అయితే ఆరేడు, 100 హెచ్.పి. అయితే అయిదు. మోటారు పెద్దదయ్యేకొద్దీ హద్దు తగ్గుతుంది. అయితే ఇవి తేలికైన లోడుకు వర్తించే అంకెలు. ఆ మార్గదర్శిలోనే రెండో షరతు ఒకటుంది. చక్రం జడత్వాన్ని స్టార్టుల సంఖ్యతో గుణిస్తే వచ్చేది ఒక హద్దు దాటకూడదు. మన 40 హెచ్.పి. ఫ్యానుకు ఈ షరతు పెడితే గంటకు ఒకటికి మించి రాదు. అదే హెచ్.పి. ఉన్న నీటి పంపుకు ఇంపెల్లరు చిన్నది కాబట్టి ఏడుసార్ల వరకూ దొరుకుతుంది. ‘40 హెచ్.పి.కి ఎన్ని స్టార్టులు?’ అన్న ప్రశ్నకు లోడేమిటో చెప్పకుండా జవాబు లేదు.

మూడో షరతు విశ్రాంతికి సంబంధించింది. స్విచ్చి కట్టేస్తే మోటారు చల్లారుతుందని మనకు తోస్తుంది. నిజానికి ఆగిన మోటారుకు వెనక ఫ్యాను తిరగదు, గాలి ఆడదు. నడిచేటప్పటితో పోలిస్తే చల్లారడానికి రెండు నుంచి నాలుగు రెట్ల సమయం, కొన్నిటికి ఇంకా ఎక్కువ పడుతుంది. తేలిక లోడు మీద నడుస్తున్న మోటారు, ఆగిన మోటారు కంటే త్వరగా చల్లబడుతుంది. మోటారు ఒకసారి సరిగా లేచిందంటే, వెంటనే ఆపకుండా కాసేపు నడవనివ్వడమే దానికి మేలు.

స్టార్టరు మారిస్తే సరిపోతుందా?

స్టార్ డెల్టా పెట్టాం కాబట్టి ఎన్నిసార్లయినా లేపవచ్చన్న నమ్మకం చాలామందిలో ఉంది. స్టార్‌లో లైను కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు, పక్క ఇళ్ళ లైట్లకు ఇది మంచిదే. కానీ టార్కు కూడా మూడో వంతుకే పడుతుంది. రోటరులో పుట్టాల్సిన కనీస వేడి చక్రం గతిశక్తికి సమానమన్న సూత్రం ఎక్కడికీ పోలేదు. పైగా మన ఐ.డి. ఫ్యానును డ్యాంపరు తెరిచి ఉంచి స్టార్‌లో లేపితే, మూడు వంతుల వేగం చేరాక గాలి లోడుతో తూగలేక మధ్యలోనే తచ్చాడుతుంది. టైమరు డెల్టాకు మార్చేదాకా కడ్డీలు కాగుతూనే ఉంటాయి. డ్యాంపరు మూసి లేపి, తర్వాత తెరవడం అందుకే ఆచారమైంది. సాఫ్ట్ స్టార్టరు కథా ఇంతే. బెల్టులకు, గేర్లకు కుదుపు తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది, రోటరు వేడి తగ్గదు.

నిజంగా తగ్గించేది వి.ఎఫ్.డి. ఒక్కటే. అది ఫ్రీక్వెన్సీని సున్నా దగ్గర నుంచి మెల్లగా పెంచుతూ రోటరును వెంట తీసుకెళ్తుంది. స్లిప్పు ఏ దశలోనూ కొద్ది శాతాన్ని మించదు కాబట్టి వేడిలోనూ ఆ కొద్ది భాగమే పుడుతుంది. రోజంతా ఆగుతూ నడుస్తూ ఉండక తప్పని మోటారుకు వి.ఎఫ్.డి. ఖర్చు దండగ కాదు. రోజుకు రెండుసార్లు లేచే మోటారుకు స్టార్టుల పేరు చెప్పి దాన్ని కొనడం దండగే.

మన ప్రాంతంలో మూడు చోట్ల

మొదటిది సంపు. తమ్మిలేరు పక్కనున్న ఏలూరులోను, కొల్లేటి చుట్టూ ఉన్న పల్లపు ఊళ్ళలోను వాన నీటిని, మురుగును, చెరువు నీటిని సంపులోకి చేర్చి ఫ్లోటు స్విచ్చితో తోడటం మామూలు. ఇక్కడ స్టార్టుల సంఖ్యను నిర్ణయించేది మనిషి కాదు, సంపు కొలతలు. వచ్చే నీరు పంపు తోడే నీటిలో సరిగ్గా సగం ఉన్నప్పుడు స్టార్టులు అన్నిటికంటే ఎక్కువ పడతాయి. ఆ పరిస్థితికి కావలసిన ఘనపరిమాణం లెక్క ఇది:

V = T × Q ÷ 4

ఇందులో Q పంపు తోడే రేటు, T రెండు స్టార్టుల మధ్య కనీస సమయం, V ఆన్ ఆఫ్ మట్టాల మధ్య పట్టే నీరు. పంపు గంటకు 100 ఘనపు మీటర్లు తోడుతుంది, గంటకు ఆరు స్టార్టులు మించకూడదు అనుకుంటే V సుమారు 4.2 ఘనపు మీటర్లు. సంపు వ్యాసం రెండు మీటర్లయితే ఆన్, ఆఫ్ మట్టాల మధ్య 1.3 మీటర్ల తేడా ఉండాలి. ఫ్లోటు తాడు పొట్టిగా కట్టి 30 సెంటీమీటర్ల తేడాతో నడిపిస్తే అదే పంపు గంటకు ఇరవై ఆరుసార్లు లేస్తుంది. వానాకాలంలో రోజుల తరబడి అలా నడిస్తే ఏ బ్రాండు మోటారైనా కాలిపోవచ్చు. దీనికి మందు రీవైండింగు కాదు, తాడు పొడుగు. సంపులో అంత చోటు లేకపోతే రెండు పంపులు పెట్టి వంతులవారీగా లేపాలి. అప్పుడు ఒక్కో మోటారుకు స్టార్టులు సగమవుతాయి.

రెండోది ఏరేటర్లు. ఆకివీడు, కైకలూరు చెరువుల్లో తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోతే జనరేటరు వెయ్యక తప్పదు. రెండు హెచ్.పి. త్రీఫేజ్ ఏరేటరు మామూలుగా మూడున్నర ఆంపియర్లు, స్టార్టులో సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. పదింటి స్విచ్చిలూ ఆన్‌లోనే ఉంచి జనరేటరు కలిపితే ఒక్కసారిగా 200 ఆంపియర్లు కావాలి. 40 కె.వి.ఎ. జనరేటరు ఇవ్వగలిగేది 55. ఓల్టేజీ కుప్పకూలుతుంది, మోటార్లన్నీ లేవకుండా మూలుగుతాయి, బ్రేకరు పడుతుంది, కంగారులో మళ్ళీ కలుపుతారు. చిన్న మోటార్లు స్టార్టులు ఎక్కువే తట్టుకుంటాయి గానీ లేవని స్టార్టులను ఏ మోటారూ తట్టుకోదు. ఒక్కొక్కటిగా అయిదు సెకన్ల తేడాతో లేపితే చివరి ఏరేటరు లేచేటప్పుడు కూడా జనరేటరు మీద 52 ఆంపియర్లే పడతాయి. నిమిషం లోపే పదీ తిరుగుతుంటాయి.

మూడోది వెనక్కి తిరిగే పంపు. చింతలపూడి, జంగారెడ్డిగూడెం మెట్టలో లోతు బోర్ల మీద పామాయిల్ తోటలున్నాయి. బోరులో నాన్ రిటర్న్ వాల్వు కారుతుంటే, పంపు ఆగగానే పైపులోని నీళ్ళు కిందికి జారుతూ ఇంపెల్లర్లను వెనక్కి తిప్పుతాయి. అదే క్షణంలో కరెంటు వచ్చి ఆటో స్టార్టరు కలిపితే, ముందు ఆ వెనక తిరుగుడును ఆపి, తర్వాత ముందుకు లేపాలి. పూర్తి వేగంతో వెనక్కి తిరుగుతుంటే రోటరు వేడి మామూలు స్టార్టుకు నాలుగు రెట్లు. షాఫ్టు, కప్లింగు విరిగే ప్రమాదం దీనికి అదనం. ఆటో స్టార్టరులో నీరు జారిపోయేంత ఆలస్యం పెట్టడమే విరుగుడు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న రైతులు తలా ఒక రకం ఆలస్యం పెట్టుకుంటే కరెంటు రాగానే అందరి మోటార్లూ ఒకేసారి లేచి ఓల్టేజీ పడిపోయే బెడదా తప్పుతుంది. గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి ఎత్తిపోసే పట్టిసీమలో 24 పంపులున్నాయి, మొత్తం సామర్థ్యం 8500 క్యూసెక్కులు. అంతటి నిలువు పంపులున్న ఏ ఎత్తిపోతలలోనైనా వెనక తిరుగుడు పూర్తిగా ఆగేదాకా మళ్ళీ స్టార్టు కానివ్వకూడదన్నది మొదటి నియమం.

కాపలా కాసే రిలే, దాని గుడ్డితనం

పెద్ద మోటార్లకు స్టార్టులు లెక్కపెట్టే రిలే ఉంటుంది. డ్రాయింగుల్లో దాని అంకె 66. దాని పక్కనే వేడిని అంచనా కట్టే 49 ఉంటుంది. వేడి స్టార్టులు ఎన్ని, చల్ల స్టార్టులు ఎన్ని, మోటారు ఆగినప్పుడు ఎంత మెల్లగా చల్లారుతుంది అన్నవన్నీ వీటికి చెప్పి పెట్టవచ్చు. కోటా అయిపోతే బటను నొక్కినా లేవనివ్వవు.

మిల్లుల్లో, చెరువుల మీద ఉండేది మాత్రం బైమెటల్ ఓవర్‌లోడ్ రిలే. అది రోటరును చూడదు, లైను కరెంటునే చూస్తుంది. ట్రిప్ అయ్యాక దానిలోని పట్టీ రెండు మూడు నిమిషాల్లో చల్లారి రీసెట్ అవుతుంది. కిలోల కొద్దీ ఇనుము, రాగి ఉన్న మోటారు అంతలో చల్లారదు. రిలే రీసెట్ అయిందంటే మోటారు సిద్ధమైందని కాదు. ఆటో రీసెట్‌లో పెట్టిన రిలే అయితే కాలుతున్న మోటారును తనే మళ్ళీ మళ్ళీ లేపుతుంది. దాన్ని హ్యాండు రీసెట్‌లోనే ఉంచాలి.

కాలిన మోటారును విప్పితే కారణం చాలావరకు తెలుస్తుంది. మూడు ఫేజుల కాయిళ్ళూ ఒకేలా నల్లబడితే ఓవర్‌లోడో, లేవని స్టార్టులో, అతి స్టార్టులో అయి ఉంటుంది. ఫేజు పోయి కాలితే స్టార్ మోటారులో రెండు ఫేజులు, డెల్టా మోటారులో ఒక్కటే కాలుతుంది. రోటరు మీద నీలి మచ్చలు కనిపిస్తే కడ్డీలు బాగా కాగాయని గుర్తు. కడ్డీలు విరిగిన మోటారు కాలకుండానే సంకేతాలిస్తుంది. లేవడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంది, లోడు మీద ఆమీటరు ముల్లు ఒకే లయలో అటూ ఇటూ ఊగుతుంది. రెండు శాతం స్లిప్పుకు ఆ ఊపు సెకనుకు రెండుసార్లు ఉంటుంది. అలాంటి మోటారుకు స్టేటరు ఒక్కటే రీవైండు చేయించి బిగిస్తే డబ్బు రెండోసారి కాలిపోతుంది. షాపులో రోటరును గ్రౌలరు మీద పెట్టి చూడమని అడగాలి.

తేలిందేమిటి?

గంటకు ఇన్ని స్టార్టులన్న ఒకే అంకె అన్ని మోటార్లకూ వర్తించదు. మోటారు సైజు, చక్రం బరువు, ఓల్టేజీ, మోటారు అప్పటికే ఎంత వేడిగా ఉంది అన్న నాలుగూ కలిస్తేనే ఆ అంకె తేలుతుంది. చల్లగా ఉంటే రెండు, వేడిగా ఉంటే ఒకటి అన్న సూత్రం మాత్రం ఏ కాగితమూ చేతిలో లేనప్పుడు పనికొస్తుంది. 10 హెచ్.పి. దాటిన మోటారు కొనేటప్పుడు లోడు ఏమిటో చెప్పి, గంటకు ఎన్ని స్టార్టులు, రోటరు బిగుసుకుంటే వేడి మీద ఎన్ని సెకన్లు తట్టుకుంటుంది అన్న రెండు అంకెలూ తయారీదారు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. వాటిని స్టార్టరు పెట్టె తలుపు మీద రాయించండి. రెండుసార్లు నొక్కినా మోటారు లేవలేదంటే మూడోసారి నొక్కకండి. అరగంట ఆగి, లోడును చేత్తో తిప్పి చూసి, మూడు ఫేజుల ఓల్టేజీ కొలిచాకే బటను మీద చెయ్యి వెయ్యండి.